తెలిసిన మనిషిలో తెలియనిది

దాంపత్యంలో కలిగే విసుగుకు కలహంతో గాని, ద్వేషంతో గాని పెద్దగా సంబంధం లేదు. ఒకరి పట్ల ఒకరికి గౌరవం, ఆప్యాయత, నమ్మకం చెక్కుచెదరకుండా ఉన్న ఇళ్లలో కూడా, పెళ్లయిన పదేళ్లకు, ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని ఎవరి ఫోన్‌లో వారు మునిగిపోయే సాయంకాలాలు మొదలవుతాయి. వాటికి కారణం ఏమిటని అడిగితే ఇద్దరిలో ఎవరూ చెప్పలేరు. జాన్ ఈస్ట్‌వుడ్, ఆయన సహచరులు 2012లో విసుగును నిర్వచిస్తూ, తృప్తినిచ్చే పనిలో నిమగ్నం కావాలని మనస్సు కోరుకుంటూనే అలా నిమగ్నం కాలేకపోయే బాధాకరమైన స్థితి అని చెప్పారు. ఈ నిర్వచనంలో కీలకమైనది కోరిక ఇంకా సజీవంగా ఉండటం. ఏ ఆశా లేనివారికి విసుగు పుట్టదు, వారిది ఉదాసీనత; విసుగు పడుతున్న మనిషి లోలోపల ఇంకా దేనికోసమో ఎదురుచూస్తూనే ఉంటాడు. కనుక దాంపత్యంలోని విసుగును అంతిమ ఘట్టంగా కాక, ఆకలి వంటి ఒక సూచనగా పరిశీలించడం శాస్త్రీయంగా సరైన పద్ధతి.

ఇక్కడ దినచర్యకు, విసుగుకు మధ్య ఉన్న తేడాను కూడా స్పష్టం చేసుకోవాలి. ఉదయం పాలు కాచడం, పిల్లల్ని బడికి పంపడం, నెలాఖరున వాయిదాలు కట్టడం వంటి పనులు ఒకే తీరున జరగడం సంసారానికి మేలే. ఎవరు ఏ పని చేయాలో రోజూ కొత్తగా తేల్చుకోవలసి వస్తే ఆ ఇంట్లో మిగిలేది అలసట మాత్రమే. దినచర్య పనుల పరిధిని దాటి ఇద్దరి మధ్య మాటలను, చూపును, ఆలోచనను కూడా ఆక్రమించుకున్నప్పుడు చిక్కు మొదలవుతుంది.

ఈ చిక్కు ఎంత దూరం వెళుతుందో కొలిచే అరుదైన అవకాశం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో జరిగిన ఒక దీర్ఘకాలిక అధ్యయనం వల్ల లభించింది. డెట్రాయిట్ నగరం ఉన్న వేన్ కౌంటీలో 1986లో పెళ్లి చేసుకున్న 373 జంటలను, శ్వేతజాతీయులను, నల్లజాతీయులను కూడా, పరిశోధకులు ఏళ్ల తరబడి కలుస్తూ ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. పెళ్లయిన ఏడో సంవత్సరంలో అడిగిన ప్రశ్నలలో ఒకదాని సారాంశం ఇది: గడచిన నెల రోజుల్లో, సంసారం ఒకే గాడిలో పడిపోయిందని, ఎప్పుడూ చేసినదే చేస్తున్నామని, ఇద్దరూ కలిసి ఉత్సాహం కలిగించే పని చేయడమే అరుదైపోయిందని ఎంత తరచుగా అనిపించింది? తొమ్మిదేళ్ల తరువాత, అంటే పదహారో సంవత్సరంలో, అప్పటికీ కలిసి ఉన్నవారిలో 123 జంటల సమాధానాలను ఐరీన్ సపేలస్, ఆర్థర్ ఏరన్, టెర్రీ ఆర్బక్ అనే ముగ్గురు పరిశోధకులు విశ్లేషించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఏడో ఏట ఎక్కువ విసుగు ఉందని చెప్పినవారిలో పదహారో ఏట దాంపత్య సంతృప్తి తక్కువగా కనిపించింది. ఏడో ఏట సంతృప్తి ఎంత ఉన్నదీ లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా ఈ సంబంధం నిలిచింది. అంతకన్నా ఆసక్తికరమైన విషయం ఏమిటంటే, ఈ సంబంధం వ్యతిరేక దిశలో నడవలేదు, అంటే ఏడో ఏట అసంతృప్తిగా ఉన్నవారు పదహారో ఏటికి విసుగు చెంది ఉంటారని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదు. విసుగు నుంచి అసంతృప్తికి దారి తీసే మార్గంలో సన్నిహితత సన్నగిల్లడం అనే మెట్టు ఉన్నదని కూడా ఆ విశ్లేషణ సూచించింది. ఇది పరిశీలనాత్మక అధ్యయనం గనుక కార్యకారణ సంబంధాన్ని నిర్ధారించదు. అయినప్పటికీ, గొడవలు లేవు గనుక అంతా బాగానే ఉన్నదనుకునే దంపతులు ఈ ఫలితాన్ని తేలికగా తీసుకోవడానికి వీల్లేదు.

సన్నిహితత, విసుగు ఇలా ఎందుకు ముడిపడి ఉంటాయన్న ప్రశ్నకు ఆర్థర్ ఏరన్, ఎలేన్ ఏరన్ దంపతులు 1986 నుంచి అభివృద్ధి చేసిన సిద్ధాంతం ఒక సమాధానం ఇస్తుంది. దానిని స్వీయ విస్తరణ సిద్ధాంతం అంటారు. మనిషికి తన జ్ఞానాన్ని, నైపుణ్యాలను, దృక్పథాలను పెంచుకోవాలనే సహజమైన కోరిక ఉంటుందని, కొత్తగా ఒక వ్యక్తితో దగ్గరవడం ఆ కోరిక తీరే అత్యంత వేగవంతమైన మార్గాలలో ఒకటని ఈ సిద్ధాంతం చెబుతుంది. పెళ్లయిన తొలి నెలల్లో ఒకరి బాల్యం, బంధువులు, రుచులు, భయాలు, ఊరి కథలు మరొకరివి అవుతూ ఉంటాయి. సముద్రం ఎన్నడూ చూడని మనిషి చేపల రకాలు నేర్చుకుంటాడు, పొలం ముఖం ఎరుగని మనిషికి వానలు ఎప్పుడు పడాలో తెలుస్తుంది. ఈ పెరుగుదల వేగంగా సాగుతున్నంత కాలం కలిగే ఆనందాన్ని మనస్సు ఎదుటి మనిషికి ముడివేస్తుంది. కొన్నేళ్లకు తేలికగా అందే విషయాలు అయిపోతాయి, పెరుగుదల మందగిస్తుంది, ఆ ఆనందమూ తగ్గుతుంది. ప్రేమ తగ్గిందని దంపతులు అనుకునేది చాలాసార్లు ఈ వేగం తగ్గడమే.

నాడీశాస్త్రం కూడా ఇదే దిశలో ఒక వివరణను అందిస్తుంది. వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై జరిపిన ప్రయోగాలలో, ఊహించకుండా పండ్లరసం అందినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు చురుగ్గా స్పందించాయి. అయితే ఒక దీపం వెలిగిన తరువాత రసం వస్తుందని కోతికి అలవాటయ్యాక, ఆ కణాలు దీపం వెలిగినప్పుడు మాత్రమే స్పందించి, రసం వచ్చినప్పుడు మామూలుగా ఉండిపోయాయి. అనుకున్నదానికి, జరిగినదానికి మధ్య ఉండే ఈ తేడాను అంచనా దోషం అంటారు; మెదడు ప్రధానంగా ఈ తేడా నుంచే నేర్చుకుంటుంది. కోతికి దొరికిన పండ్లరసానికీ పదేళ్ల కాపురానికీ దూరం చాలా ఉంది కాబట్టి ఈ పోలికను పరిమితంగానే తీసుకోవాలి. పైగా, అలవాటు పడిపోవడం తప్పనిసరి కాదనడానికి కూడా ఆధారం ఉంది: సగటున 21 ఏళ్లుగా కలిసి కాపురం చేస్తూ, ఇప్పటికీ భాగస్వామిని గాఢంగా ప్రేమిస్తున్నామని చెప్పిన 17 మందికి భాగస్వామి ఫోటో చూపిస్తూ మెదడు స్కానింగ్ చేసినప్పుడు, డోపమైన్ అధికంగా ఉండే భాగాలు చురుగ్గా కనిపించాయని బియాంకా ఆసెవెడో బృందం 2012లో ప్రకటించింది. వారు ఏరికోరి ఎంచుకున్న మనుషులు గనుక ఇది అందరి కథ కాదు, కానీ అసాధ్యం కాదని మాత్రం తెలుస్తుంది.

స్వీయ విస్తరణ సిద్ధాంతం నిజమైతే, ఇద్దరూ కలిసి కొత్త పని చేసినప్పుడు సన్నిహితత పెరగాలి. దీనిని పరీక్షించడానికి న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో ఏరన్ బృందం చేసిన ప్రయోగం, 2000లో ప్రచురితమైనది, చూడడానికి పిల్లల ఆటలా ఉంటుంది. నేల మీద సుమారు తొమ్మిది మీటర్ల పొడవున వ్యాయామశాల పరుపులు పరిచారు, మధ్యలో ఒక అడ్డు పెట్టారు. భార్యాభర్తల చేతి మణికట్లను, కాలి చీలమండలను అంటుకునే పట్టీలతో జతగా కట్టి, ఇద్దరి శరీరాల మధ్య గుండ్రటి పొడవాటి దిండును ఇరికించి, దానిని చేతులతో గాని పళ్లతో గాని పట్టుకోకుండా, మోకాళ్ల మీద పాకుతూ, అడ్డును దాటి అవతలి కొసకు వెళ్లి, అదే విధంగా వెనక్కి రమ్మన్నారు. దీనికి ఒక గడువు విధించి, మొదటి రెండుసార్లు గడువు కొద్దిలో తప్పిపోయేలా, మూడోసారి కొద్దిలో అందుకునేలా ఏర్పాటు చేశారు. మరికొన్ని జంటలకు ఇచ్చిన పని ఇందుకు పూర్తిగా భిన్నం: ఒకరు బంతిని దొర్లిస్తూ చాలా నెమ్మదిగా పరుపు మధ్యకు పాకి వెళితే మరొకరు పక్కన నిలబడి చూడాలి, తరువాత రెండోవారి వంతు. మొత్తం ఆటకు పట్టిన సమయం ఏడు నిమిషాలు. ఆటకు ముందు, తరువాత దంపతులు ప్రశ్నావళి నింపారు, ఇంటికి సంబంధించిన మామూలు విషయాలపై కాసేపు మాట్లాడుకున్నారు. ఆ సంభాషణలను చిత్రీకరించి, ఎవరు ఏ ఆట ఆడారో తెలియని మనుషుల చేత వాటికి మార్కులు వేయించారు. పట్టీలు కట్టుకుని దొర్లి లేచిన జంటలు తమ సంబంధం గురించి ఎక్కువ తృప్తిని ప్రకటించాయి, వారి సంభాషణలో కూడా ఎదుటివారిని తోసిపుచ్చే మాటలు తగ్గి, అంగీకరించే మాటలు పెరిగాయి.

ఏడు నిమిషాల ఫలితం ఏడేళ్లు నిలుస్తుందని ఎవరూ అనరు. అందువల్ల 1993 నాటి మరో ప్రయోగం ఆచరణలో ఎక్కువ ఉపయోగకరమైనది. షార్లట్ రైస్‌మన్, ఆర్థర్ ఏరన్, మార్లిన్ బర్గెన్ 53 జంటలకు కలిసి చేయదగిన పనుల జాబితా ఒకటి ఇచ్చి, ప్రతి పని ఎంత ఆహ్లాదకరమో, ఎంత ఉత్తేజకరమో భార్య వేరుగా, భర్త వేరుగా మార్కులు వేయమన్నారు. ఆ తరువాత ఒక వర్గంలోని జంటలు, ఇద్దరూ ఉత్తేజకరమని గుర్తించిన పనులను వారానికి గంటన్నర చొప్పున పది వారాలు చేశాయి. రెండో వర్గంలోని జంటలు ఆహ్లాదకరమని గుర్తించిన పనులను అంతే సమయం చేశాయి. మూడో వర్గానికి ప్రత్యేకంగా ఏ పనీ ఇవ్వలేదు. పది వారాల తరువాత ఉత్తేజకరమైన పనులు చేసిన జంటల దాంపత్య సంతృప్తి ఆహ్లాదకరమైన పనులు చేసిన జంటల కన్నా ఎక్కువగా పెరిగింది. ఆహ్లాదం మాత్రమే ఉన్న పనుల వల్ల ప్రత్యేక లాభం కనిపించకపోవడం ఇందులో అందరూ గమనించవలసిన అంశం, ఎందుకంటే విసుగు పుట్టిన దంపతులకు బంధువులు, పత్రికలు ఇచ్చే సలహా సాధారణంగా ఆహ్లాదకరమైన దానినే సూచిస్తుంది: బయట భోజనం, ఒక సినిమా, ఇంకా వీలైతే ఎప్పుడూ వెళ్లే ఊరికే మరో యాత్ర. అలవాటైన హోటల్లో అలవాటైన బిర్యానీ తెప్పించుకున్న దంపతులు హాయిగానే తిని వస్తారు, అయితే వారిద్దరిలో ఎవరూ ఆ సాయంత్రం కొత్తగా ఏదీ నేర్చుకోరు, ఒకరిలో మరొకరు కొత్తగా ఏదీ చూడరు.

ఈ పద్ధతిని సొంతంగా అమలు చేయదలచినవారు ప్రయోగంలోని ఒక చిన్న మెళకువను వదిలిపెట్టకూడదు. మార్కులు విడివిడిగా వేయడమే ఆ మెళకువ. కలిసి కూర్చుని వేస్తే ఒకరి ఉత్సాహం మరొకరి మొహమాటాన్ని కప్పేస్తుంది. కాగితం మీద పది పనులు రాసి, ఒక్కొక్కదానికి కొత్తదనంలో అయిదుకు ఎన్ని మార్కులో ఎవరికి వారు వేసుకుని, ఇద్దరూ నాలుగు లేదా అయిదు వేసినవాటిని మాత్రమే ఎంచుకోవాలి. ఆ పనిలో ఇద్దరూ కొత్తవారై ఉండటం కూడా ముఖ్యం. భర్త భార్యకు కారు నడపడం నేర్పే ఆదివారాలు అనేక ఇళ్లలో పెద్ద గొడవలతో ముగియడానికి కారణం, అక్కడ ఒకరు గురువు, మరొకరు శిష్యురాలు కావడం. ఇంట్లో ఇప్పటికే ఉన్న హెచ్చుతగ్గులను ఆ పని మరింత బిగిస్తుంది. ఎన్నడూ దిగని మెట్రో స్టేషన్‌లో దిగి ఫోన్‌లో దారి చూడకుండా నడవడం, ఇద్దరికీ రాని లిపిని నేర్చుకోవడం, కుమ్మరి చక్రం ముందు కూర్చుని మట్టి జారిపోతుంటే మళ్లీ మొదలుపెట్టడం వంటివి ఖర్చు లేకుండానో తక్కువ ఖర్చుతోనో ఆ షరతును తీరుస్తాయి. పని మరీ కష్టమైతే భయం, సిగ్గు ముందుకు వచ్చి ఫలితం తిరగబడుతుంది. పరుపుల ప్రయోగంలో కూడా రెండుసార్లు ఓడినా మూడోసారి గెలిచే ఏర్పాటు ఉంది.

ఇంతవరకు చెప్పినది విసుగుకు ఒక మూలం మాత్రమే. రెండో మూలం ఇంకా సూక్ష్మమైనది, ఎదుటి మనిషి పూర్తిగా తెలిసిపోయాడన్న నమ్మకం. విలియం స్వాన్, మైఖేల్ గిల్ 1997లో ప్రచురించిన అధ్యయనాలలో, భాగస్వామి తనను తాను ఎలా చూసుకుంటారో ఊహించమని జంటలను అడిగినప్పుడు, సంబంధం వయస్సు పెరిగేకొద్దీ తమ ఊహ మీద నమ్మకం పెరిగింది గాని, ఊహలోని నిజం ఆ మేరకు పెరగలేదు. కెన్నెత్ సావిట్‌స్కీ, బోజ్ కీసార్, నికొలస్ ఎప్లీ తదితరులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో, ఒకరినొకరు చూసుకోకుండా కుర్చీలలో కూర్చున్న మనుషులలో ఒకరు పలు అర్థాలు వచ్చే మామూలు మాటను పలికితే, ఏ అర్థంతో పలికారో వారి జీవిత భాగస్వామి, ఒక అపరిచితుడు ఊహించాలి. జీవిత భాగస్వామి అపరిచితుడి కన్నా మెరుగ్గా ఊహించలేకపోయారు. కానీ పలికినవారు మాత్రం తమ వారికి తప్పక అర్థమవుతుందని ఎక్కువగా నమ్మారు. "ఈ రోజు కూడా ఆలస్యమేనా?" అన్న ఒక్క వాక్యంలో ఫిర్యాదు ఉండవచ్చు, ఆదుర్దా ఉండవచ్చు, అన్నం ఎప్పుడు వండాలన్న లెక్క మాత్రమే ఉండవచ్చు. కొత్త పెళ్లికూతురి నోట ఆ మాట విన్నవాడు ఆమె ముఖం వంక చూసి అర్థం వెతుక్కుంటాడు, పదేళ్ల తరువాత వినేవాడు తల తిప్పకుండానే జవాబిస్తాడు, ఎందుకంటే ఆ అర్థం తనకు ముందే తెలుసని అతని నమ్మకం.

ఈ నమ్మకానికి మరొక పొరపాటు తోడవుతుంది. జోర్డీ క్వాడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, తిమొతీ విల్సన్ 18 నుంచి 68 ఏళ్ల మధ్య వయస్సు గల 19,000 మందికి పైగా మనుషులను పరిశీలించి 2013లో ప్రకటించినదాని ప్రకారం, గడచిన పదేళ్లలో తమ ఇష్టాలు, విలువలు, స్వభావం చాలా మారాయని మనుషులు ఒప్పుకుంటారు గాని, రాబోయే పదేళ్లలో అంతగా మారవని అనుకుంటారు; ఈ భ్రమ అన్ని వయస్సులలోనూ కనిపించింది. సొంత మార్పునే మనిషి ఇంత తక్కువగా అంచనా వేస్తాడంటే, పక్కనున్న మనిషిలో వచ్చే మార్పును ఇంకా తక్కువగా గమనిస్తాడని ఊహించడంలో అతిశయోక్తి ఉండదు. పెళ్లినాటి మనిషి చిత్రాన్ని మనస్సులో పటం కట్టి పెట్టుకుని, పదేళ్లుగా ఆ పటంతోనే మాట్లాడుతున్న దంపతులకు విసుగు రావడంలో వింత లేదు.

కుతూహలం ఎలా పుడుతుందో వివరిస్తూ జార్జ్ లోవెన్‌స్టైన్ 1994లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ చక్కగా అతుకుతుంది. తెలిసినదానికి, తెలుసుకోవాలనుకున్నదానికి మధ్య ఖాళీ ఉందని మనస్సుకు తగిలినప్పుడే కుతూహలం పుడుతుందని, ఏమీ తెలియని విషయం మీద గాని, అంతా తెలిసిందనుకున్న విషయం మీద గాని అది కలగదని ఆయన వాదన. అంటే, భార్య మీద గాని భర్త మీద గాని మళ్లీ కుతూహలం కలగాలంటే, ఆసక్తి చూపించాలని గట్టిగా సంకల్పించుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. తనకు తెలియనిది ఒకటి ఉందని తన ఊహ తప్పడం ద్వారా కళ్లారా చూడాలి. ఊహను ముందుగా రాసిపెట్టుకోకపోతే ఆ తప్పు బయటపడదు, ఎందుకంటే సమాధానం విన్న మరుక్షణం అది తనకు ముందే తెలుసని మనస్సు సర్దిచెప్పుకుంటుంది.

ఈ పద్ధతి ఆచరణలో ఎలా సాగుతుందో చూడడానికి హైదరాబాదులోని ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండే జంటను ఊహించుకోవచ్చు. పెళ్లయి పదకొండేళ్లు, అతను బ్యాంకు ఉద్యోగి, ఆమె బడిలో లెక్కల టీచరు, ఎనిమిదేళ్ల పాప, అతని తల్లి వారితోనే ఉంటారు. రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య వారు మాట్లాడుకునే మాటలను ఒక వారం పాటు రాసిపెడితే గ్యాస్ బుకింగ్, స్కూలు ఫీజు, తల్లి బీపీ మాత్రలు, పాలవాడి లెక్క తప్ప మరేమీ కనిపించదు. ఆదివారం మధ్యాహ్నం, పెద్దావిడ, పాప నిద్రపోతున్న అరగంటలో, ఇద్దరూ చెరొక కాగితం తీసుకుని రెండే ప్రశ్నలు రాసుకుంటారు: ఇంటి పనుల్లో దేనిని వదిలించుకోవాలని ఉంది? రోజులో ఇష్టమైన పది నిమిషాలు ఏవి? ప్రతి ప్రశ్న కింద ముందు తన సమాధానం, తరువాత ఎదుటివారు ఏమి రాసి ఉంటారన్న ఊహ.

మొదటి ప్రశ్నకు ఆమె సమాధానం గిన్నెలు తోమడమని అతను ఏ సందేహమూ లేకుండా రాస్తాడు, ఎందుకంటే పనిమనిషి రాని రోజున ఆమె విసుక్కోవడం అతను పదకొండేళ్లుగా వింటున్నాడు. ఆమె కాగితంలో ఉన్నది వేరు: "రేపు ఏం వండాలో ఆలోచించడం." వంట కాదు, వంట గురించిన నిర్ణయం. ఇక్కడ అతను చేయగలిగే సాధారణమైన పొరపాటు వెంటనే పరిష్కారం చెప్పడం, అంటే వారానికి ఒక పట్టిక రాసి గోడకు అంటించమనడం. ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. దానికి బదులు అతను, "ఆ ఆలోచన నీకు ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగితే, రాత్రి పడుకోబోయే ముందు అని ఆమె చెబుతుందని అతను అనుకుంటాడు గాని, ఆమె చెప్పేది మధ్యాహ్నం మూడో పీరియడ్ తరువాత, స్టాఫ్ రూంలో అని. బోర్డు మీద భిన్నాలు చెబుతున్నప్పుడు కూడా ఫ్రిజ్‌లో ఉన్న వంకాయల సంగతి ఆమె తలలో తిరుగుతూ ఉంటుందని అతనికి ఆ రోజు మొదటిసారిగా తెలుస్తుంది. సమాధానం నుంచి పుట్టిన ప్రశ్నను అనుబంధ ప్రశ్న అనవచ్చు; ముందుగా సిద్ధం చేసుకున్న ప్రశ్నల కన్నా ఈ అనుబంధ ప్రశ్నలోనే కొత్త సమాచారం ఎక్కువగా దొరుకుతుంది, విన్నామన్న రుజువు కూడా దానిలోనే ఉంటుంది.

రెండో ప్రశ్న దగ్గర చిక్కు వస్తుంది. అతనికి ఇష్టమైన పది నిమిషాలు పాపతో ఆడుకునేవని ఆమె ఊహ. అతను రాసినది, సాయంత్రం సెల్లార్‌లో బండి ఆపిన తరువాత, లిఫ్ట్ ఎక్కకముందు, సీటు మీద అలాగే కూర్చుని పాత పాటలు వినే పది నిమిషాలు. "అయితే ఇంటికి రావాలని లేదా మీకు?" అన్న మాట ఆమె నోట వచ్చేస్తే అది సహజమే, కానీ ఆ ఒక్క మాటతో అతను ఇకపై నిజం రాయడం మానేసి, ఎదుటివారికి నచ్చే సమాధానాలు రాయడం మొదలుపెడతాడు; అప్పటి నుంచి ఈ అభ్యాసం మరొక దినచర్య అవుతుంది. అందుకే ఆరంభానికి ముందే ఒక నియమం చేసుకోవాలి: కాగితం మీద రాసిన దాని మీద ఆ రోజు తీర్పు చెప్పకూడదు, తరువాత జరిగే ఏ గొడవలోనూ దానిని సాక్ష్యంగా తీసుకురాకూడదు. ఆమె కాసేపు ఆగి, "ఏం పాటలండీ?" అని అడగగలిగితే, కాలేజీ రోజుల్లో హాస్టల్ మేడ మీద రేడియో విన్న సంగతి, బ్యాంకులో రోజంతా కౌంటరు ముందు మాట్లాడి మాట్లాడి ఎవరితోనూ మాట్లాడనవసరం లేని కొద్ది సమయం కోసం అతను తపించడం బయటికి వస్తాయి. ఆమెకు సరిగ్గా అలాంటి పది నిమిషాలే ఎక్కడా లేవన్న సంగతి కూడా అదే సంభాషణలో తేలుతుంది.

ఈ చివరి విషయాన్ని పరిశోధనా వ్యాసాలు తగినంతగా పట్టించుకోలేదని చెప్పక తప్పదు. భారత జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిల్లిపాదికి జీతం లేకుండా చేసే ఇంటి పనులలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తే, పాల్గొన్న పురుషులు వెచ్చించినది 97 నిమిషాలు. వారానికి గంటన్నర కొత్త పని చేయాలన్న సలహా ఈ తేడాను పట్టించుకోకుండా అమలైతే, ఆ గంటన్నర కోసం ముందుగా వంట ముగించి, పిల్లలకు తినిపించి, పెద్దల మందులు చూసి సిద్ధమయ్యే భారం ఒకరి మీదే పడుతుంది. ఆమెకు అది మరో డ్యూటీ తప్ప వేరొకటి కాదు. ఆ గంటన్నర కోసం ఇంటి పనిని ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకుని, పనుల జాబితా తయారుచేసే బాధ్యతను కూడా వంతులవారీగా పంచుకున్న ఇళ్లలోనే ఈ పద్ధతి నిలబడే అవకాశం ఉంది. ఉమ్మడి కాపురంలో ఏకాంతం దొరకకపోవడం మరో ఇబ్బంది. అలాంటి ఇళ్లలోని దంపతులు మేడ మీదనో, రైతు బజారుకు నడిచి వెళ్లే దారిలోనో మాట్లాడుకోవడం మంచిది. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే ఎదురెదురుగా కూర్చున్నప్పటి ఇబ్బంది కూడా కొంత తగ్గుతుంది.

మరొక మార్గం, భాగస్వామిని ఇంటి బయట, వారి సొంత రంగంలో చూడటం. బడి వార్షికోత్సవంలో ఆమె వందమంది పిల్లలను ఒక్క చూపుతో నిలబెట్టడం, కౌంటరు ముందు అయోమయంగా నిలబడ్డ వృద్ధుడికి అతను పాస్‌బుక్ లెక్క ఓపికగా వివరించడం ఇంట్లో కనిపించే దృశ్యాలు కావు. అలవాటు పడిన కంటికి కొత్త మనిషిని చూపించడానికి దీని కన్నా చవకైన సాధనం లేదు, ఏడాదికి రెండు మూడుసార్లు జరిగినా చాలు.

ఇవన్నీ విసుగుకు మాత్రమే పనికివస్తాయి గనుక, ఉన్నది విసుగేనా అన్నది ముందు తేల్చుకోవాలి. భాగస్వామితో మాత్రమే కాక, స్నేహితులతోను, ఇష్టమైన సంగీతంతోను, తిండితోను కూడా ఆసక్తి పోయి, అది వారాల తరబడి కొనసాగుతుంటే అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యుడి సలహా అవసరం. మాట్లాడాలని ఉన్నా జవాబుకు భయపడి మౌనంగా ఉండేవారిది విసుగు కాదు, భయం. అవమానం, కొట్టడం, డబ్బు మీద పెత్తనం ఉన్న ఇంట్లో ప్రశ్నల కాగితాలు ప్రమాదకరం కూడా, ఎందుకంటే రాసిచ్చిన నిజం చేతికి అందిన ఆయుధమవుతుంది. నిద్ర చాలక, పసిపిల్లలతో సతమతమవుతున్న దంపతులకు ముందు కావలసినది విశ్రాంతి, కొత్త అనుభవాలు తరువాతి మాట. సరైన గుర్తు ఇది: ఒంటరిగా గాని, స్నేహితులతో గాని ఉన్నప్పుడు ఉత్సాహంగా ఉండి, ఇద్దరే ఉన్నప్పుడు మాత్రం మాటలు అడుగంటిపోతూ, అది బాధగా అనిపిస్తుంటే, అక్కడ ఈ పద్ధతులకు చోటు ఉంది.

పై జంట పది ఆదివారాలు ఇలా గడిపిన తరువాత ఫలితం ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు, సరిగ్గా మిషిగన్ పరిశోధకులు అడిగిన ప్రశ్ననే మళ్లీ వాడుకోవచ్చు. గడచిన నెలలో సంసారం ఒకే గాడిలో పడిందని ఎంత తరచుగా అనిపించిందో మొదటి ఆదివారమే ఇద్దరూ విడివిడిగా రాసి, చూసుకోకుండా కవర్‌లో పెట్టి ఉంచాలి. పదో ఆదివారం మళ్లీ రాసి నాలుగు కాగితాలనూ పక్కపక్కన పరచాలి. అతని సమాధానం 'అరుదుగా' అని, ఆమెది 'తరచుగా' అని మొదటి కాగితాలలో ఉన్నట్లయితే, మొదటి ఆదివారం నాటికి ఒకే మంచం మీద పడుకుంటూ ఇద్దరూ రెండు వేర్వేరు సంసారాలలో ఉన్నారన్నమాట, పదకొండో ఆదివారానికి ప్రశ్న ఏమిటో వారు వేరే వెతుక్కోనవసరం లేదు.